పులిగా మారేవాడు పక్క లోయవాడే ఎందుకవుతాడు? రూపం మార్చుకునేవాళ్ల కథలపై తరచుగా అడిగే ప్రశ్నలు

మనిషి పులిగానో తోడేలుగానో దుమ్ములగొండిగానో మారతాడనే నమ్మకం చాలా దేశాల్లో ఉంది. అన్నిటినీ ఏకరువు పెడితే పేర్ల పట్టిక తప్ప ఏమీ మిగలదు. అందుకే ఇక్కడ సుమత్రా, మలయా పులిమనిషి కథను నడిమధ్యన పెట్టుకున్నాం. మిగతావాటిని దానితో పోల్చడానికి పనికొచ్చిన మేరకే తీసుకున్నాం.

ఈ కథలు పరాయివాళ్ల మీద భయంతో పుట్టినవేనా?

అవును. కానీ ఎంత దూరపు పరాయివాడు అన్నది ముందు తేల్చుకోవాలి. సముద్రం అవతలి నుంచి వచ్చినవాడి మీద ఈ నింద సాధారణంగా పడదు. వాడి భాష వేరు, బట్ట వేరు, వాడు ఎవరో చూడగానే తెలుస్తుంది. వాడికి ఇంకో రూపం అంటగట్టే అవసరం ఎవరికీ రాదు.

నింద పడేది సగం మనవాడి మీద. మన మతమే, దాదాపు మన భాషే, మన సంతలోనే సరుకు అమ్ముతాడు, మన ఊళ్లోనే పిల్లను చేసుకుంటాడు. కానీ వాళ్ల తాత ఎవరో ఎవరికీ తెలియదు. నెలకోసారి ఎటో వెళ్లి వస్తాడు, ఎటో అడగలేం. చూడ్డానికి మనలాగే ఉంటాడు గనకే లోపల ఇంకేదో ఉందేమోనన్న అనుమానం పుడుతుంది.

మలయాలో ఆ 'సగం మనవాడు' ఎవరు?

కెరించివాళ్లు. సుమత్రా పడమటి వైపు బారిసాన్ కొండల నడుమ కెరించి అనే లోయ ఉంది. ఇప్పుడది ఇండోనేషియాలోని జాంబి రాష్ట్రంలో భాగం. దాని నెత్తిన 3,805 మీటర్ల కెరించి అగ్నిపర్వతం. లోయలో వరి, చుట్టూ దట్టమైన అడవి. డచ్చివాళ్లు ఆ లోయను 1903 దాకా లొంగదీసుకోలేకపోయారు. అంటే మిగతా తీరప్రాంతం వలస పాలన కిందికి వెళ్లిన తర్వాత కూడా కెరించి చాలాకాలం 'అడవి వెనకాల ఉన్న చోటు'గానే మిగిలింది.

అక్కడి మగవాళ్లు బతుకుతెరువుకి జలసంధి దాటి మలయా ద్వీపకల్పానికి వచ్చేవారు. ముఖ్యంగా బట్టలమ్ముతూ ఊరూరా తిరిగేవారు. ముస్లింలు. మలయ్ ప్రజలతో కలిసి నమాజు చేసేవారు. అయినా 19వ శతాబ్దం చివర మలయాలో పనిచేసిన బ్రిటిష్ అధికారులు రాసిపెట్టిన పులిమనిషి కథల్లో పదేపదే వినిపించే పేరు కెరించే. పులిమనిషిని మలయ్‌లో 'హరిమావ్ జాదియాన్' అంటారు, సుమత్రాలో 'చిందాకు' అనే మాట కూడా ఉంది.

ఒక కథ పూర్తిగా చెప్పగలరా?

మలయాలోని పెరాక్ రాజ్యంలో ఉన్న స్లిమ్ లోయ కథ చెబుతాం. మలయాలో పనిచేసిన బ్రిటిష్ అధికారి హ్యూ క్లిఫర్డ్ 1897లో దీన్ని అచ్చు వేయించాడు. అతను కథలు రసవత్తరంగా చెప్పే మనిషి, అందుకని ప్రతి మాటనూ వాంగ్మూలంలా తీసుకోకూడదు. కథ నడిచిన తీరు మాత్రం ఆ నేలదే.

హాజీ అలీ అనే కెరించి వర్తకుడు ఇద్దరు కొడుకులతో ఆ లోయకు వచ్చి స్థిరపడ్డాడు. మక్కా వెళ్లివచ్చినవాడు, నిదానస్తుడు, డబ్బుంది. ఊరి పిల్లను చేసుకున్నాడు. పెళ్లయిన కొద్ది రోజులకే ఆ పిల్ల పారిపోయి పుట్టింటికి వచ్చింది. భర్త రాత్రిళ్లు బయటికి వెళ్తున్నాడట. తెల్లవారుజామున ఎవరో నిచ్చెన ఎక్కుతున్న చప్పుడైతే తలుపు తీసింది. మెట్ల మీద పులి తల కనిపించింది. చూస్తుండగానే అది కరిగిపోయి భర్త ముఖం అయింది.

తర్వాత ఊళ్లో ఒక గేదెను పులి చంపింది. చచ్చిన గేదె దగ్గర తాడు తగిలితే పేలేలా తుపాకి కట్టారు. రాత్రి తుపాకి పేలింది. తెల్లారి రక్తపు చారల వెంట వెళ్తే అవి హాజీ అలీ ఇంటి దగ్గరికి తీసుకెళ్లాయి. నాన్నకు ఒంట్లో బాగా లేదు, ఎవరినీ చూడడు అన్నారు కొడుకులు. కొన్నాళ్లకు ఆ కుటుంబం లోయ వదిలి వెళ్లిపోయింది. ఆ తర్వాత అతను కుంటుతున్నాడని జనం చెప్పుకున్నారు.

ఈ కథలో పులి చేసిన నష్టం ఒక గేదె. అంతే. అసలు కలవరం ఆ పెళ్లి. వంశం తెలియని అల్లుడికి పిల్లనిచ్చాం, రాత్రి అతను ఎక్కడికి వెళ్తున్నాడో మనకు తెలియదు అన్న బెంగకు పులి ముఖం పెట్టారు. ఆ ముఖం ఎక్కడ కనిపించిందో చూడండి: అడవిలో కాదు, ఇంటి నిచ్చెన మీద. మలయ్ ఇల్లు స్తంభాల మీద ఎత్తుగా కడతారు. కింద పశువులు, పురుగూ పుట్రా, పైన మనుషులు. లోకాన్నీ ఇంటినీ విడదీసే గడప ఆ నిచ్చెనే.

పులిమనిషిని ఎలా గుర్తుపడతామని చెప్పేవారు?

ముక్కు కింద, పై పెదవి మధ్యలో మనందరికీ ఒక చిన్న గాడి ఉంటుంది. పులిమనిషికి అది ఉండదని సుమత్రాలో గట్టి నమ్మకం. ఎవరో ఒకరికి ఆ గాడి లోతు తక్కువగా ఉండటం మామూలే, కాబట్టి ఈ గుర్తు ఎవరికో ఒకరికి ఎప్పుడూ సరిపోతుంది. మీసం ఉంటే కనపడదు, దాస్తున్నాడని అదీ అనుమానమే.

రెండో గుర్తు ఒంటి మీది వస్తువు. కెరించివాళ్లు పళ్లకు బంగారు తొడుగు వేయించుకునేవారు. చంపిన పులి నోట్లో బంగారు పన్ను కనిపించిందనే మాట మలయాలో తిరిగేది. ఇలాంటిదే వేల మైళ్ల అవతల ఇథియోపియాలోనూ వినిపిస్తుంది. 19వ శతాబ్దం తొలి రోజుల్లో అక్కడికి వెళ్లిన యూరోపియన్లు, చంపిన దుమ్ములగొండి చెవికి కమ్మరులు పెట్టుకునే పోగు ఉందని అక్కడివాళ్లు చెప్పారని రాశారు. రెండు చోట్లా ఎంచుకున్న వస్తువును గమనించండి. ఆ గుంపును దూరం నుంచే పట్టించే నగ అది. జంతువు ఒంటి మీద దొరికింది ఫలానా మనిషి ఆనవాలు కాదు, ఫలానా కులం ఆనవాలు.

మూడోది గాయం. జంతువుకు తగిలిన దెబ్బ మర్నాడు మనిషి ఒంటి మీద కనిపిస్తుంది. యూరప్ తోడేలు కథల్లో కూడా ఇదే అన్నిటికన్నా బలమైన సాక్ష్యం. పొలంలో పనిచేసే ఊళ్లో ఏ రోజు చూసినా కుంటేవాడో, చెయ్యి కోసుకున్నవాడో ఒకడు ఉంటాడు. అనుమానం లేని ఇంట్లో గాయం కనిపిస్తే అది కొడవలి దెబ్బ. అనుమానం ఉన్న ఇంట్లో కనిపిస్తే అది తుపాకి దెబ్బ. వెతకడం ఎక్కడ మొదలుపెట్టారో అక్కడే సాక్ష్యం దొరుకుతుంది. గాయం లేని అనుమానితుల గురించి కథ ఎవరూ చెప్పరు కాబట్టి అవి లెక్కలోకి రావు.

పులే ఎందుకు? అడవి అంటే భయమా?

నట్టడవి మీద భయం అనుకుంటే పొరపాటు. ఈ కథలు అడవి అంచున పుడతాయి.

ఎత్తైన చెట్లు మూసుకుపోయిన పాత అడవి నేల మీద గడ్డి తక్కువ, అందుకని జింకలూ పందులూ తక్కువ, పులికి తిండి తక్కువ. మనిషి చెట్లు కొట్టి పోడు చేసి, రెండు మూడేళ్లకు ఆ నేల వదిలేస్తే అక్కడ గడ్డీ పొదలూ లేస్తాయి. వాటికోసం జింకలు వస్తాయి, పంటకోసం అడవిపందులు వస్తాయి, వాటివెంట పులి వస్తుంది. అంటే ఊరి పక్కకు పులిని రప్పించింది ఊరివాళ్ల గొడ్డలే. మలయా, సుమత్రా, జావాల్లో పులి బెడద ఎక్కువగా ఉండేది ఇలాంటి అంచు నేలల్లోనే. కొత్తగా వచ్చి స్థిరపడే వర్తకుడూ కూలీ కూడా తరచుగా తేలేది ఆ అంచు ఊళ్లలోనే. ఒకే దారిలో, ఒకే కాలంలో, రెండు కొత్త ముఖాలు. రెంటినీ కలిపి ఒకటి చేయడం జనానికి కష్టం కాలేదు.

అడవిని పూర్తిగా వేరే లోకంగా కూడా వాళ్లు ఊహించుకోలేదు. పులులకు కూడా ఒక ఊరుందని, అక్కడ ఇళ్ల కప్పు స్త్రీల జుట్టుతో నేసి ఉంటుందని సుమత్రావాళ్లు చెప్పుకోవడం, అక్కడ పనిచేసిన ఆంగ్లేయుడు విలియం మార్స్‌డెన్ 1783లోనే రాశాడు. అడవిని ఊరికి తలకిందులు చేసిన ఇంకో ఊరుగా చూశారు. మరి అక్కడి పౌరుడు ఇక్కడికి వచ్చి కాపురం పెట్టడంలో వింతేముంది?

అడవిలో పులి పేరు ఎత్తరు. 'తాత' అనే అర్థం వచ్చే మాటతో పిలుస్తారు. చీకటి పడ్డాక పామును పేరుపెట్టి అనకుండా 'పురుగు' అనే తెలుగువాళ్లకు ఇది విడమరిచి చెప్పక్కర్లేదు. తేడా ఒక్కటే, మనం పేరును తగ్గిస్తాం, వాళ్లు వరస కలుపుతారు.

కెరించివాళ్లు తమ గురించి తాము ఏమనుకుంటారు?

వాళ్ల లోయలో పులి పెద్దల తరఫు కావలి. కట్టుబాటు తప్పినవాడి మీదికి, ముఖ్యంగా వావివరసలు మరిచినవాడి మీదికి, అది వస్తుంది. ఊళ్లోకి పులి వచ్చిందంటే 'ఎవరు తప్పు చేశారు?' అన్నది మొదటి ప్రశ్న. చచ్చిన పులి దొరికితే మనిషి పోయినట్టే ఊరి మధ్యకు తెచ్చి, దాని ముందు ఆడి పాడి, పోయిన దానికి బదులుగా వస్తువులు సమర్పించి సాగనంపే ఆచారం అక్కడ ఉండేది. పాత ఒప్పందం తెగలేదని పులిజాతికి చెప్పుకోవడం దాని ఉద్దేశం.

ఈ మాటను బయటివాడు ఎలా విన్నాడో ఊహించండి. 'పులి మా తాత' అని కెరించివాడు గౌరవంగా అంటాడు. తీరప్రాంతపు మలయ్ మనిషికి అది 'మేం పులులం' అని వినిపిస్తుంది. కాబట్టి నింద శూన్యంలోంచి పుట్టలేదు. ఒకరి భక్తి ఇంకొకరి చెవిలో ఒప్పుకోలుగా మారింది. మారురూపు కథల్లో ఇది చాలా తరచుగా జరిగే తప్పు, ఒకే కథ లోపలివాడి నోట ఒకటి, బయటివాడి నోట ఇంకొకటి. ఎవరి నోట విన్నామో రాసుకోకపోతే రెండూ కలిసిపోతాయి.

మన తెలుగు నేల చుట్టుపక్కల ఇలాంటిదేమైనా ఉందా?

ఉంది. ఒడిశా కొండల్లోనూ, మన ఉత్తరాంధ్ర ఏజెన్సీలోనూ ఉండే ఖోండుల నమ్మకం కెరించివాళ్లదానికి చాలా దగ్గర. 19వ శతాబ్దం మధ్యలో ఒడిశా ఖోండుల మధ్య పనిచేసిన బ్రిటిష్ అధికారి మాక్‌ఫర్సన్ రాసిన ప్రకారం, నిజమైన పులి మనిషిని చంపదు. అది అడవి జంతువునే కొడుతుంది, కొంత తిని మిగతాది మనుషులకు వదిలేస్తుంది. మనిషిని చంపిందంటే అది పులి కాదు. కోపించిన తరి అనే భూదేవతైనా అయ్యుండాలి, దేవుడి సాయంతో పులి రూపు పట్టిన మనిషైనా అయ్యుండాలి. ఆ రెండో రకాన్ని 'మ్లీపా' పులి అంటారని ఆయన నమోదు చేశాడు.

ఇందులోని తర్కం చూడదగ్గది. ఈ నమ్మకంలో అడవి మీద భయం లేదు, నమ్మకమే ఉంది. పులి మాట తప్పదు, తప్పేది మనిషే. అందుకే ఊళ్లో చావు జరిగితే చూపు అడవి వైపు పోదు, పక్క ఇంటి వైపు పోతుంది. అడవితో శాంతిగా ఉండటానికి పొరుగువాడితో చెల్లించే వెల అది.

పురాణాల్లో ఇష్టమొచ్చిన రూపం ధరించేవాణ్ని 'కామరూపి' అంటాం. మారీచుడి బంగారు జింక అందరికీ గుర్తొస్తుంది గానీ, మన ప్రశ్నకు హిడింబ ఎక్కువ పనికొస్తుంది. అడవి రాక్షసి, మనుషులను తినే ఇంటి పిల్ల. అందమైన రూపంలో భీముడి ముందుకు వచ్చి తాను ఎవరో దాచకుండా చెబుతుంది. కుంతి ఆమెను కోడలిగా ఒప్పుకుంటుంది, ఘటోత్కచుడు పుడతాడు. స్లిమ్ లోయలో అల్లుడు, ఇక్కడ కోడలు. అక్కడ రహస్యం బయటపడి కాపురం చెడింది, ఇక్కడ రహస్యమే లేదు గనక నిలిచింది. అయినా ఆమె కాపురం అడవిలోనే ఉండిపోయింది. హస్తినలో మెట్టింది లేదు. కొడుకు అవసరం యుద్ధంలో పడింది.

ఇథియోపియాలో ఆ నింద కమ్మరి మీద ఎందుకు పడింది?

నేల వల్ల. ఉత్తర ఇథియోపియా ఎత్తు భూముల్లో పరువంతా వారసత్వంగా వచ్చే పొలంలో ఉండేది. 15వ శతాబ్దం మొదట్లో పాలించిన యెష్హాక్ రాజు, బాప్తిస్మం తీసుకున్నవాడే తండ్రి భూమికి వారసుడని, లేనివాడు దిమ్మరి అని శాసించాడని అక్కడి సంప్రదాయం చెబుతుంది. యూదు మతాన్ని పట్టుకుని ఉన్న బేతా ఇజ్రాయేల్ ప్రజలకు 'ఫలాషా' అన్న పేరు ఆ 'దిమ్మరి' అనే మాట నుంచే వచ్చిందని అంటారు. భూమి పోయినవాళ్లకు చేతిపనులు మిగిలాయి. మగవాళ్లు ఇనుము కొట్టారు, ఆడవాళ్లు కుండలు చేశారు.

నాగలి కర్రు లేకుండా రైతుకు గడవదు. కాబట్టి వాళ్లను తరిమేయలేరు, కలుపుకోనూ లేరు. వాళ్లనే 'బుదా' అన్నారు. బుదా చూపు తగిలితే మనిషి చిక్కి శల్యమవుతాడు, రాత్రి బుదా దుమ్ములగొండిగా మారి గోతుల్లోంచి శవాలను తవ్వుతాడు. రాయిని నిప్పులో పెట్టి ఇనుముగా, మట్టిని కుండగా మార్చేవాడు తనను తాను మార్చుకోలేడా అన్నది వెనకాల ఉన్న ఊహ. దుమ్ములగొండినే ఎంచుకోవడం కూడా ఊరికే కాదు. అది నిజంగానే రాత్రిపూట ఊరి చివరకు వస్తుంది, పైపైన పూడ్చిన శవాన్ని తవ్వుతుంది. కమ్మరి గుడిసె ఉన్నదీ ఊరి చివరే.

యూరప్ తోడేలుమనిషి కూడా ఇలాంటివాడేనా?

పాత నార్స్ భాషలో 'వర్గర్' అంటే తోడేలు, వెలివేసిన నేరస్థుడు కూడా. మధ్యయుగపు ఇంగ్లండులో చట్టం కాపాడనివాడు 'తోడేలు తల' మోస్తున్నాడని అనేవారు. అంటే తోడేలును చంపినట్టే వాణ్ని ఎవరైనా చంపవచ్చు, శిక్ష లేదు. రూపం మారడం అనేది అక్కడ కథ కంటే ముందు చట్టపు మాటగా ఉంది.

1573లో ఫ్రాన్స్ తూర్పు సరిహద్దున డోల్ నగరపు పార్లమెంటు, అంటే ఆ ప్రాంతపు పెద్ద న్యాయస్థానం, చుట్టుపక్కల ఊళ్లవాళ్లు ఈటెలూ గండ్రగొడ్డళ్లూ తుపాకులూ కర్రలూ పట్టుకుని తోడేలుమనిషిని వేటాడవచ్చని ఉత్తర్వు ఇచ్చింది. పిల్లలు కొందరు చనిపోయారు. దొరికినవాడు జిల్ గార్నియే. లియాన్ నుంచి వచ్చి, ఊరికి దూరంగా గుడిసెలో భార్యతో ఉంటూ, ఎవరితోనూ కలవని పేదవాడు. జనం అతన్ని సన్యాసి అని పిలిచేవారు. 1574 జనవరిలో సజీవంగా కాల్చేశారు. అతను పిల్లలను చంపాడా లేదా అన్నది ఆ ఒప్పుకోలు కాగితాల నుంచి తేల్చలేం. అవి ఎలా రాబట్టేవారో మనకు తెలుసు. కానీ వేట ఉత్తర్వు ముందు, మనిషి తర్వాత అన్న వరస గమనించాలి.

30 ఏళ్ల తర్వాత, 1603లో, బోర్డో పార్లమెంటు ముందుకు జాన్ గ్రెనియే అనే పిల్లవాడు వచ్చాడు. 13, 14 ఏళ్లు. ఇల్లు వదిలి పశువులు కాస్తూ తిరిగేవాడు. తాను తోడేలునని తానే చెప్పుకున్నాడు. న్యాయమూర్తులు అతని మాటల కంటే బుద్ధి స్థితిని చూశారు. కాల్చమనలేదు, జీవితాంతం మఠంలో ఉంచమన్నారు. నమ్మకం పూర్తిగా పోలేదు గానీ, అడవికీ మనిషికీ మధ్య ఇంకో చోటు, అంటే జబ్బు, న్యాయస్థానానికి కనిపించడం మొదలైంది.

పున్నమి రాత్రి, వెండి తూటా సంగతి?

అవి 20వ శతాబ్దపు సినిమాలూ నవలలూ గట్టిపరిచినవి. పాత విచారణ కాగితాల్లో కనిపించేది లేపనం, తోడేలు చర్మం, నడికట్టు. వాటిని ఎవరో నల్లటి అపరిచితుడు అడవిలో ఇచ్చాడని ఉంటుంది.

అన్ని మారురూపు కథలనూ ఇలాగే చదవవచ్చా?

చదవకూడదు. 1589 అక్టోబరు 31న జర్మనీలోని బెడ్‌బుర్గ్‌లో తోడేలుమనిషిగా చంపబడ్డ పీటర్ స్టుంప్ అపరిచితుడు కాదు, కలిగిన రైతు. స్కాట్లాండు సీల్ కన్య కథలో మోసపోయేది రూపం మార్చుకునే ఆమే. మగవాడు ఆమె తోలు దాచేసి పెళ్లి చేసుకుంటాడు. జపాన్ నక్క కథల్లో భయంతో పాటు ఆరాధన, హాస్యం కూడా ఉన్నాయి. ఉత్తర అమెరికాలోని నవాహోలు తమ మారురూపుల గురించి బయటివాళ్లతో మాట్లాడటానికే ఇష్టపడరు. ఇంటర్నెట్‌లో ఆ పేరుతో తిరిగేవాటిలో చాలావరకు బయటివాళ్ల కల్పన. ఆ విషయం ఇక్కడ వదిలేస్తున్నాం.

కొత్త కథ ఒకటి దొరికితే ఏ వరసలో చూడాలి?

ముందు జంతువును చూడండి. అది ఆ చోట నిజంగా తిరిగేదేనా, ఏ పూట, దేనికోసం ఊరి దగ్గరికి వస్తుంది? తర్వాత నింద పడ్డవాడి ఇల్లు ఎక్కడుందో, భూమి ఉందో లేదో, ఏ పనికోసం ఊరికి అతని అవసరమో చూడండి. అవసరం ఉండి, భూమి లేకపోతే మీరు సరైన దారిలో ఉన్నట్టే. ఆపైన గుర్తును పరీక్షించండి. అది ఒక మనిషికి చెందినదా, గుంపు మొత్తానికి చెందిన నగో మచ్చో అలవాటో? నాలుగోది, రూపం ఎక్కడ బయటపడింది? గడప, నిచ్చెన, పొయ్యి, మంచం, ఇవి కథలో వస్తే గొడవ పెళ్లి చుట్టూనో తిండి చుట్టూనో ఉంటుంది. చివరగా, కథ అయ్యాక ఎవరు ఊరు వదిలారు, వాళ్ల ఇల్లు, బాకీలు ఏమయ్యాయి? హాజీ అలీ వర్తకుడు, ఊళ్లో ఎవరెవరు అతనికి డబ్బు బాకీ పడ్డారో కథ చెప్పదు. అడగాల్సిన ప్రశ్న మాత్రం అదే.

జవాబు దొరకని చోట ఖాళీ వదిలేయడం మంచిది. ఎక్కువమంది తప్పు చేసేది ఇక్కడే, మొదటి రెండు జవాబులతో మిగతా మూడూ ఊహించేస్తారు.

ఈ నమ్మకంతో ఇటీవలి కాలంలో ప్రాణాలు పోయాయా?

పోయాయి. ఆగ్నేయ నైజీరియాలో 1945 నుంచి 1948 దాకా దాదాపు 200 మరణాలపై బ్రిటిష్ పోలీసులు దర్యాప్తు చేశారు. శవాల మీద చిరుతపులి దాడి లాంటి గాయాలు. కొన్నిటిని చిరుతే చంపిందా, చిరుత దాడిలా కనిపించేలా మనుషులు చంపారా అన్నది ప్రశ్న. 77 మందిని ఉరితీశారు. చిరుత గోరు చర్మాన్ని చీలుస్తుంది, కత్తి కోస్తుంది, కొత్త శవం మీద తేడా తెలుస్తుంది. కానీ వేడి నేలలో, పొదల్లో, ఆలస్యంగా దొరికిన శవాన్ని పురుగులూ జంతువులూ తిన్నాక ఆ అంచులు మిగలవు. పాత కక్షలు, భూమి తగాదాలు, భార్యాభర్తల గొడవలు వాంగ్మూలాలుగా వచ్చాయి. 'చిరుతమనిషి' అనే మాట అప్పటికే సిద్ధంగా ఉండటంతో, పోలీసులకూ ఊరివాళ్లకూ అది ఒకే పెట్టెలా పనికొచ్చింది. వేర్వేరు కారణాల చావులన్నీ అందులో పడ్డాయి.

నింద పడ్డవాడి సొంత మాట ఎక్కడైనా మిగిలిందా?

ఒక చోట బాగా మిగిలింది. 1691లో లివోనియాలో, ఇప్పటి లాత్వియా ప్రాంతంలో, గుడి దొంగతనం కేసులో థీస్ అనే ముసలి రైతు సాక్షిగా వచ్చాడు. 80 దాటిన వయసు. అతనితో ప్రమాణం చేయిస్తుంటే ఇంకో సాక్షి నవ్వాడు. ఎందుకని అడిగితే, ఈయన తోడేలుమనిషని ఊరందరికీ తెలుసు, ఈయనతో ప్రమాణమేమిటి అన్నాడు. న్యాయమూర్తులు జర్మన్ మాట్లాడే పాలకులు, రైతులు వాళ్ల కింద బతికే స్థానికులు. అక్కడ బయటివాళ్లు న్యాయపీఠం మీదే కూర్చున్నారు.

థీస్ కాదనలేదు. అవును, తోడేలునే, దేవుడి వేటకుక్కను అన్నాడు. ఏడాదికి మూడుసార్లు, క్రిస్మస్ ముందు లూసియా రాత్రి, పెంతెకొస్తుకు, వేసవి నడిమధ్య యోహాను పండుగకు, తన తోటివాళ్లతో నరకానికి వెళ్లి, మంత్రగాళ్లు దొంగిలించిన ధాన్యాన్నీ పశువుల సత్తువనూ వెనక్కి తెస్తామన్నాడు. సైతానుతో ఒప్పందం ఉందని ఒప్పించడానికి వాళ్లు చాలా ప్రయత్నించారు. పాస్టరును పిలిపించి బుద్ధి చెప్పించారు. తనకు ఈ సంగతి పాస్టరు కంటే బాగా తెలుసని, పాస్టరు ఇంకా కుర్రవాడని ముసలాయన జవాబు. మరుసటి ఏడు కొరడా దెబ్బలు, దేశబహిష్కారం శిక్షగా పడ్డాయి. తీర్పుకు కారణం తోడేలు కాదు. దేవుడి పేరు లేకుండా మంత్రించి జనానికీ పశువులకూ వైద్యం చేస్తూ వాళ్లను చర్చి నుంచి మళ్లించాడని.